పోస్ట్‌మాస్టర్ డైరీలో ఏం రాసుకుంటాడు?

పదో తరగతి ఇంగ్లిష్ ప్రశ్నపత్రంలో పిల్లలు ధీమాగా మొదలుపెట్టి మార్కులు పోగొట్టుకునే ప్రశ్నలు రెండున్నాయి. ఒకటి డైరీ ఎంట్రీ, రెండోది సంభాషణ. రెండూ తేలిగ్గానే కనిపిస్తాయి. పైన తేదీ వేసి ‘డియర్ డైరీ’ అంటే డైరీ అయిపోయిందనీ, రెండు పేర్లు రాసి పక్కన రెండు చుక్కలు పెడితే సంభాషణ వచ్చేసిందనీ అనుకుంటారు. జవాబు పత్రం దిద్దేవాళ్లకు తేదీ సరిగ్గానే ఉంటుంది, చుక్కలూ సరిగ్గానే ఉంటాయి. కానీ ఆ చుక్కల తర్వాత మాట్లాడే మనిషే కనిపించడు.

ఈ తేడా ఎక్కడొస్తుందో తెలియాలంటే ఒక పాఠాన్ని తీసుకుని చివరిదాకా చూడాలి. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం ‘ఫస్ట్ ఫ్లైట్’లో మొదటి పాఠం ‘ఎ లెటర్ టు గాడ్’ ఇందుకు బాగా పనికొస్తుంది. సీబీఎస్ఈ బడుల పిల్లలందరికీ తెలిసిన కథ ఇది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పిల్లలూ చదువుతున్నారు. రాసినాయన మెక్సికో రచయిత గ్రెగోరియో లోపెజ్ ఇ ఫుఎంతెస్.

కథ చిన్నదే. లెంచో అనే రైతు వాన కోసం ఎదురుచూస్తాడు. వాన వస్తుంది. పెద్ద చినుకులు పది సెంట్ల నాణేలనీ, చిన్నవి ఐదు సెంట్లవనీ మురిసిపోతాడు. అంతలో వడగళ్లు పడి చేనంతా తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ విత్తుకోవడానికి, పంట చేతికొచ్చేదాకా బతకడానికి వంద పెసోలు కావాలని దేవుడికి ఉత్తరం రాస్తాడు. పోస్టాఫీసులో పనిచేసే అతను ఆ చిరునామా చూసి నవ్వుకుంటూ పోస్ట్‌మాస్టర్‌కి చూపిస్తాడు. పోస్ట్‌మాస్టర్ కూడా ముందు నవ్వుతాడు. తర్వాత ఆ నమ్మకం చెదరకూడదనుకుని, తన జీతంలో కొంత వేసి, ఉద్యోగుల దగ్గరా స్నేహితుల దగ్గరా పోగుచేసి డెబ్బై పెసోలు పంపుతాడు. సంతకం ఒక్కటే మాట, దేవుడని. మరుసటి ఆదివారం లెంచో వస్తాడు. డబ్బు చూసి అతనికి కొంచెం కూడా ఆశ్చర్యం కలగదు. లెక్కపెట్టాక మాత్రం కోపం వస్తుంది. అక్కడే కూర్చుని దేవుడికి ఇంకో ఉత్తరం రాస్తాడు. మిగతా డబ్బు పంపమంటాడు, పోస్టులో మాత్రం వద్దంటాడు, ఎందుకంటే పోస్టాఫీసు వాళ్లంతా దొంగలట.

పరీక్షలో ఇలాంటి పాఠం మీద ప్రశ్న సాధారణంగా ఇలా ఉంటుంది: ‘రెండో ఉత్తరం చదివిన పోస్ట్‌మాస్టర్ ఆ రాత్రి తన డైరీలో ఏం రాసుకుని ఉంటాడో ఊహించి రాయండి.’

చాలామంది జవాబు ఇక్కడే దారి తప్పుతుంది. ‘లెంచో ఒక రైతు. అతని ఇల్లు కొండ మీద ఉంది. వాన కోసం చూశాడు, వడగళ్లు పడ్డాయి’ అంటూ పాఠం మొత్తం మళ్లీ అప్పజెబుతారు. చివర్లో ‘ఐ ఫెల్ట్ వెరీ సాడ్’ అని ఒక్క వాక్యం చేర్చి ముగిస్తారు. ఇది డైరీ కాదు, కథా సంగ్రహం. దీన్ని కనిపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. రాసినదాంట్లో ‘ఐ’ ఉన్నచోటల్లా ‘హి’ పెట్టి చదవాలి. ఏ ఇబ్బందీ లేకుండా కథలా సాగిపోతే, అందులో డైరీ లేనట్టే. నిజమైన డైరీలో అలా మారిస్తే వాక్యాలు వింతగా తోస్తాయి. ఎందుకంటే అందులో జరిగిన సంగతి కంటే, అది రాసేవాడికి ఎలా తగిలిందన్నదే ఎక్కువగా ఉంటుంది.

దీనికంటే లోతైన తప్పు ఇంకొకటుంది. చినుకుల్ని నాణేలతో పోల్చిన మాట పాఠంలో అందంగా ఉంటుంది కాబట్టి పిల్లలు దాన్ని పోస్ట్‌మాస్టర్ డైరీలో పెట్టేస్తారు. లెంచో ఆ మాట అన్నప్పుడు పోస్ట్‌మాస్టర్ అక్కడ లేడు. అతనికి తెలిసినవి రెండు ఉత్తరాల్లో ఉన్న సంగతులు, పోస్టాఫీసులో తన కళ్లతో చూసినవి, తను చేసినవి. అంతే. వడగళ్ల సంగతి మొదటి ఉత్తరంలో ఉంది కనుక రాయొచ్చు. ఆ రాత్రి లెంచో ఇంట్లో వాళ్లు ఏం మాట్లాడుకున్నారో మాత్రం రాయకూడదు. కలం పట్టకముందే ఈ మనిషికి ఏం తెలుసు, ఏం తెలియదు అని ఒక్క నిమిషం ఆలోచించుకుంటే జవాబు సగం తయారైనట్టే.

ఇక రూపం. ఎడమవైపు పైన వారం, తేదీ. దాని కింద సమయం. తర్వాత సంబోధన, కామా. ఆపైన విషయం, ఒకటి రెండు పేరాలు. చివర పేరు. కొన్ని బడుల్లో సమయం తప్పనిసరిగా రాయిస్తారు, కొన్నిచోట్ల వదిలేస్తారు. రాస్తే నష్టం లేదు. పైగా అది రాసేవాడికే సాయం చేస్తుంది. రాత్రి తొమ్మిదిన్నర అని వేశాక రోజంతా అయిపోయిందనీ, జరిగినవన్నీ వెనకటి సంగతులనీ గుర్తుంటుంది. వారం విషయంలో ఈ కథ ఒక చిన్న పరీక్ష కూడా పెడుతుంది. లెంచో రెండోసారి వచ్చింది ఆదివారం. డైరీ మీద ‘మండే’ అని వేస్తే, పాఠం శ్రద్ధగా చదవలేదని మొదటి వరుసలోనే తెలిసిపోతుంది.

‘డియర్ డైరీ’ అనే రాయాలన్న నియమం ఎక్కడా లేదు. ఇదే పుస్తకంలో ఆన్ ఫ్రాంక్ డైరీ నుంచి ఒక భాగం పాఠంగా ఉంది. ఆమె 1942 జూన్ 12న, పదమూడో పుట్టినరోజున చేతికొచ్చిన ఆ పుస్తకాన్ని ‘కిటీ’ అనే స్నేహితురాలిగా ఊహించుకుని, 1944 ఆగస్టు 1 వరకు రాసింది. పాఠంలోని భాగం మీద ‘సాటర్‌డే, 20 జూన్ 1942’ అని ఉంటుంది. ఎప్పుడూ కబుర్లు చెబుతోందని లెక్కల మాస్టారు కీసింగ్ ఆమెకు శిక్షగా వ్యాసాలు రాయమన్న ఘట్టం అందులోదే. డైరీ గొంతు ఎలా ఉంటుందో పిల్లలకు చూపించాలంటే ఆ రెండు మూడు పేజీలకు మించినది లేదు. మాస్టారు ఏమన్నారో ఒక్క మాటలో చెప్పి, తనకు ఏమనిపించిందో, తను ఏం ఎత్తు వేసిందో విస్తారంగా రాస్తుంది. పరీక్షలో పేరుపెట్టి స్నేహితుణ్ని ఊహించుకునే తీరిక ఉండదు కాబట్టి ‘డియర్ డైరీ’ సరిపోతుంది.

పోస్ట్‌మాస్టర్ డైరీ ఇలా ఉండొచ్చు:

సండే, 9 మార్చ్
9.30 పి.ఎం.

డియర్ డైరీ,

ఐ కాంట్ స్లీప్ టునైట్. లెంచో కేమ్ టు ద పోస్టాఫీస్ దిస్ మార్నింగ్. ఐ వాచ్డ్ హిమ్ ఫ్రమ్ మై రూమ్. హౌ హ్యాపీ ఐ వాజ్! బట్ హి కౌంటెడ్ ద మనీ అండ్ గాట్ యాంగ్రీ. ఆఫ్టర్ హి లెఫ్ట్, ఐ రెడ్ హిజ్ సెకండ్ లెటర్. హి థింక్స్ వి ఆర్ థీవ్స్!

ఐ గేవ్ పార్ట్ ఆఫ్ మై ఓన్ శాలరీ, అండ్ దిస్ ఈజ్ వాట్ ఐ గెట్. వాజ్ ఐ రాంగ్ టు సైన్ యాజ్ గాడ్? పర్హాప్స్ ఐ జస్ట్ వాంటెడ్ టు ఫీల్ ప్రౌడ్ ఆఫ్ మైసెల్ఫ్. స్టిల్, హిజ్ ఫెయిత్ ఈజ్ సేఫ్. టుమారో ఐ విల్ టెల్ మై స్టాఫ్ ద ట్రూత్. దె గేవ్ దెయిర్ మనీ. దె హావ్ ఎ రైట్ టు నో.

పోస్ట్‌మాస్టర్

ఇందులో గొప్ప ఇంగ్లిష్ ఏమీ లేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి రాని మాట దాదాపు ఒక్కటీ లేదు. దీనికి బలమిచ్చేది కాలాల అమరిక. ఉదయం జరిగినవి కేమ్, వాచ్డ్, కౌంటెడ్, రెడ్ అని భూతకాలంలో ఉన్నాయి. రాస్తున్న క్షణంలో ఉన్న స్థితి ‘ఐ కాంట్ స్లీప్’, ‘హి థింక్స్’ అని వర్తమానంలో ఉంది. రేపటి ఆలోచన ‘ఐ విల్’ అని ఉంది. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బాధ ఇంకా పోలేదు, కానీ ‘ఐ వాజ్ సాడ్’ అని రాస్తారు. అప్పుడు ఆ బాధ పొద్దునే తీరిపోయినట్టు అవుతుంది. తెలుగులో ‘ఈరోజు పొద్దున’, ‘నిన్న రాత్రి’ అనే అలవాటు వల్ల ‘టుడే మార్నింగ్’, ‘యెస్టర్‌డే నైట్’ అని రావడం కూడా డైరీల్లోనే ఎక్కువ. ఇంగ్లిష్‌లో వాటిని ‘దిస్ మార్నింగ్’, ‘లాస్ట్ నైట్’ అంటారు.

రెండో పేరాలో మొదటి వాక్యం ఫిర్యాదు. దాని వెనకే ఒక ప్రశ్న, ఆ ప్రశ్న తన మీదికే తిరుగుతుంది. తెలుగు రాష్ట్రాల ఇంగ్లిష్ టీచర్లు ‘డిస్కోర్స్’ అని పిలిచే ఈ రచనలకు కొన్ని లక్షణాలు ఆశిస్తారు. డైరీ విషయంలో సొంత భావాలు, ఒక దృక్కోణం, ఆ మనఃస్థితికి తగ్గ భాష, ఆత్మవిమర్శ, ముందేం చేయాలన్న ఆలోచన వాటిలో ఉన్నాయి. చివరి రెండింటిని మాత్రం పిల్లలు యాంత్రికంగా అతికిస్తారు. ‘ఐ విల్ బి ఎ గుడ్ పర్సన్ ఫ్రమ్ టుమారో’ అనే వాక్యం ఏ పాఠానికి రాసిన డైరీలోనైనా దొరుకుతుంది. ఆత్మవిమర్శ కథలోంచి పుట్టాలి. పోస్ట్‌మాస్టర్ నిజంగా చేసినది ఒకటే, దేవుడిలా సంతకం పెట్టడం. అతను తనను తాను నిలదీసుకోవాల్సిందీ దాని గురించే. రేపటి సంకల్పం కూడా అలాంటిదే. డబ్బిచ్చిన ఉద్యోగులకు సంగతి చెప్పడమన్నది అతను చేయగల పని.

తెలంగాణ పదో తరగతి పుస్తకంలోని ‘ద జర్నీ’ పాఠానికీ ఇదే వర్తిస్తుంది. అరుణాచల్ ప్రదేశ్ రచయిత యేషే దోర్జీ థోంగ్చి కథ అది. చదువుకున్న కొడుకుతో నడుస్తూ అతని పెట్టెను తండ్రి మోస్తాడు. కొడుకు కాళ్లకు బూట్లుంటాయి, తండ్రివి ఉత్త కాళ్లు. కొడుకు డైరీ రాయమంటే ‘మనం పెద్దల్ని గౌరవించాలి’ అని ఉపదేశం మొదలుపెట్టడం చాలా జవాబుల్లో కనిపిస్తుంది. ఉపదేశం ఎదుటివాళ్లకు చేసేది. డైరీ చదివే ఎదుటివాళ్లెవరూ ఉండరు. ‘వై డిడ్ంట్ ఐ లుక్ యట్ హిజ్ ఫీట్ బిఫోర్?’ అన్న ఒక్క ప్రశ్న ఆ ఉపదేశం మొత్తం చేయలేని పని చేస్తుంది.

సంభాషణలో గొంతు ఇంకో రకంగా మారాలి. డైరీలో మనిషి ఏదీ దాచుకోడు. ఎదుట ఇంకొకరు ఉన్నప్పుడు మాత్రం అన్నీ చెప్పడు, చెప్పినవి కూడా ఆ ఇంకొకరిని బట్టి చెబుతాడు. ‘నేను గొప్పగా అనుకోవాలని చేశానేమో’ అని డైరీలో రాసుకున్న పోస్ట్‌మాస్టర్ ఆ మాట తన కింద పనిచేసే గుమాస్తాతో అంటాడా? అనడు. ఒకే పాఠం మీద రెండు ప్రశ్నలూ సాధన చేయించే టీచర్లు ఈ ఒక్క తేడాను పట్టిచ్చినా పిల్లల రాత మారుతుంది.

మర్నాడు పోస్టాఫీసులో పోస్ట్‌మాస్టర్‌కీ గుమాస్తాకీ మధ్య ఇలా సాగొచ్చు:

క్లర్క్: యు లుక్ అప్‌సెట్, సర్. ఈజ్ ఎనీథింగ్ రాంగ్?
పోస్ట్‌మాస్టర్: కమ్ ఇన్. యు రిమెంబర్ ద ఫార్మర్, డోంట్ యు?
క్లర్క్: లెంచో? ఆఫ్ కోర్స్, సర్. ఐ గేవ్ టూ పెసోస్. డిడ్ హి గెట్ ద మనీ?
పోస్ట్‌మాస్టర్: హి డిడ్. అండ్ హి హాజ్ రిటెన్ టు గాడ్ అగెయిన్.
క్లర్క్: టు థాంక్ హిమ్?
పోస్ట్‌మాస్టర్: నో. టు కంప్లెయిన్. అబౌట్ అజ్.
క్లర్క్: అబౌట్ అజ్? బట్ వాట్ డిడ్ వి డు, సర్?
పోస్ట్‌మాస్టర్: హి సేస్ వి స్టోల్ థర్టీ పెసోస్.
క్లర్క్: దట్స్ నాట్ ఫెయిర్! షుడ్ంట్ వి టెల్ హిమ్ ద ట్రూత్?
పోస్ట్‌మాస్టర్: వెల్, ఇఫ్ వి డు, వాట్ హ్యాపెన్స్ టు హిజ్ ఫెయిత్?

రూపం గురించి చెప్పాల్సింది కొంచెమే. పేరు, రెండు చుక్కలు, మాట. ఒక్కొక్కరికి ఒక్కో కొత్త వరుస. కొటేషన్ గుర్తులు అక్కర్లేదు. ‘హి సెడ్’, ‘షి రిప్లైడ్’ అసలే రాకూడదు, అవి కథ రాసేటప్పటి మాటలు. ఎవరైనా ఉత్తరం చూపించడం లాంటిది చెప్పక తప్పకపోతే బ్రాకెట్‌లో రెండు మూడు మాటల్లో పెట్టొచ్చు. అది కూడా ఒకసారికి మించకుండా ఉంటే మంచిది.

పలకరింపుల దగ్గరే చాలా జవాబులు నీరుగారిపోతాయి. ‘హాయ్, హౌ ఆర్ యు?’ ‘ఐ యామ్ ఫైన్, థాంక్యూ. హౌ ఆర్ యు?’ ‘ఐ యామ్ ఆల్సో ఫైన్’ అంటూ నాలుగు వరుసలు గడిచాక అసలు విషయం మొదలవుతుంది. చివర మళ్లీ ‘ఓకే, బై, సీ యు టుమారో’ అని రెండు వరుసలు. పది వరుసల జవాబులో ఆరు ఎందుకూ పనికిరానివి. పై సంభాషణ నేరుగా ఒక గమనింపుతో మొదలైంది, సార్ ముఖం బాగాలేదని. ఇంట్లో అమ్మ అయినా, బడిలో స్నేహితుడైనా మాట మొదలుపెట్టేది తరచుగా ఇలాగే.

గుమాస్తా ఇచ్చానంటున్న రెండు పెసోలు పాఠంలో లేవు. అలా కల్పించొచ్చా అని పిల్లలు అడుగుతారు. ఉద్యోగులు డబ్బిచ్చారని పాఠమే చెప్పింది కాబట్టి కల్పించొచ్చు. పాఠానికి ఎదురు తిరగనిదీ, అందులోంచే పుట్టేదీ ఏదైనా చెల్లుతుంది. గుమాస్తా ఇరవై పెసోలు ఇచ్చానంటే మాత్రం నమ్మశక్యంగా ఉండదు. అంతమంది కలిసి, జీతంలోంచి తీసి కూడా, డెబ్బై దగ్గరే ఆగిపోయారు మరి. ఈ చిన్న అంకె ఇంకో పని కూడా చేస్తుంది. తన డబ్బు పోయిన మనిషి కాబట్టే ‘దట్స్ నాట్ ఫెయిర్’ అనే హక్కు గుమాస్తాకు వస్తుంది.

ఒక మాట తర్వాత ఇంకో మాట ఎలా పుడుతోందో చూడాలి. ‘రాశాడు’ అంటే ‘థాంక్స్ చెప్పడానికా?’ అని గుమాస్తా ఆశపడ్డాడు. ఆ ఆశను పోస్ట్‌మాస్టర్ ఒక్క ‘నో’తో తుంచాడు. ప్రతి జవాబూ ముందు మాటను పట్టుకునే వచ్చింది. పిల్లల సంభాషణలో ఇది ఉందో లేదో తెలుసుకోవడానికి ఏవైనా రెండు వరుసలను అటూ ఇటూ మార్చి చూడాలి. మార్చినా ఏ తేడా రాకపోతే అక్కడ ఇద్దరు మాట్లాడుకోవడం లేదు, ఇద్దరు వంతులవారీగా వ్యాసం చదువుతున్నారు. పర్యావరణం మీద, చెట్ల పెంపకం మీద రాసే సంభాషణల్లో ఈ జబ్బు మరీ ఎక్కువ. ‘చెట్లు మనకు ఆక్సిజన్ ఇస్తాయి’ అని రవి అంటే, ‘అవును, నీడ కూడా ఇస్తాయి’ అని సీత అంటుంది. రవి మాట సీతకు పెట్టినా, సీత మాట రవికి పెట్టినా ఎవరికీ తెలియదు.

పూర్తి వాక్యాల్లోనే జవాబు చెప్పాలని చిన్న తరగతుల్లో నేర్పిన అలవాటు కూడా ఇక్కడ అడ్డొస్తుంది. ‘డిడ్ హి గెట్ ద మనీ?’ అంటే ‘యెస్, హి గాట్ ద మనీ’ అనడం తప్పేమీ కాదు, కానీ మనుషులు అలా మాట్లాడరు. ‘హి డిడ్’ చాలు. ‘డోంట్ యు?’ లాంటి చివరి ప్రశ్నలు, ‘వెల్’, ‘ఆఫ్ కోర్స్’ లాంటి మాటలు సంభాషణకు జీవం ఇస్తాయి. దిద్దేవాళ్లు వెతికేదీ వీటినే. అయితే ప్రతి వరుసలోనూ ‘వెల్’ పెడితే అది వేషంలా కనిపిస్తుంది. పది వరుసల్లో ఒకటి రెండు చాలు.

మర్యాద సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. తెలుగు పిల్లవాడికి పెద్దవాళ్లతో ‘చెప్పండి’ అనడం పుట్టుకతో వచ్చిన పని. ఇంగ్లిష్‌లో ఎవరికైనా ‘యు’ ఒక్కటే కాబట్టి, గౌరవమంతా పోయిందనుకుని ‘గివ్ మి ద లెటర్’ అని గుమాస్తా చేత అనిపిస్తాడు. అక్కడ ‘కుడ్ ఐ సీ ద లెటర్, సర్?’ అనాలి. పోస్ట్‌మాస్టర్ మాత్రం ‘కమ్ ఇన్’ అని నేరుగా అనొచ్చు, అతను పైవాడు. పై సంభాషణలో ‘సర్’ గుమాస్తా మాటల్లోనే ఉంది. కోపం వచ్చినప్పుడు కూడా అతను ఎదురుప్రశ్న వేశాడే తప్ప ‘వి మస్ట్ టెల్ హిమ్’ అని ఆజ్ఞాపించలేదు. పేర్లు మూసేసి చదివినా ఎవరి మాట ఏదో తెలిసిపోయేది ఈ తేడాల వల్లే.

ఇదే కథ మీద ప్రశ్న మారి, ఆ ఆదివారం ఇంటికి చేరిన లెంచోకీ భార్యకీ మధ్య సంభాషణ రాయమన్నారనుకుందాం. ఇప్పుడు తెలిసినవీ తెలియనివీ తారుమారవుతాయి. పోస్ట్‌మాస్టర్ జీతం సంగతి వీళ్లిద్దరికీ తెలియదు. చినుకుల నాణేల మాట మాత్రం ఇక్కడ వాడుకోవచ్చు, ఎందుకంటే లెంచో అది ఇంట్లోవాళ్ల ముందే అన్నాడు. ‘సర్’ ఉండదు, పేర్లతోనే పిలుచుకుంటారు, వాక్యాలు ఇంకా పొట్టివవుతాయి. భార్య మొదటి మాట బహుశా డబ్బు గురించే ఉంటుంది: ‘సెవెంటీ? ఈజ్ దట్ ఆల్?’ దేవుడు తప్పు లెక్క వేయడని లెంచో వాదిస్తాడు. దేవుడే పంపాడని నీకెలా తెలుసని ఆమె అడగొచ్చు. అలా అడిగితే లెంచో ఏమంటాడన్నది పాఠంలో దొరకదు, రాసే పిల్లవాడే తేల్చుకోవాలి.